జీపీఏ ఎప్పటిదాకా, వీలునామా ఎప్పటినుంచి

శ్రీరాంపూర్ గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన ఒక కార్మికుడిని ఊహించుకోండి. రిటైర్మెంట్ పైసలతో నస్పూర్‌లో ఇల్లు కట్టాడు. మంచిర్యాల శివార్లలో 200 గజాల ప్లాటు అంతకుముందే తన సంపాదనతో కొని పెట్టుకున్నాడు. పెద్దకొడుకు దుబాయిలో, చిన్నకొడుకు ఇంటిపట్టున, బిడ్డ గోదావరిఖనిలో ఉన్నారు. తొంభై దాటిన తల్లి కూడా ఇంట్లోనే ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆఫీసుల చుట్టూ తిరగలేక, ప్లాటు అమ్మే పని చిన్నకొడుకుకు అప్పజెప్పి ఏప్రిల్ 10న జీపీఏ రిజిస్టరు చేయించాడు. ఇంటికొచ్చి భార్యతో ఒక మాటన్నాడు.

"చిన్నోని పేర కాయిదం జేసిన. ఇగ నాకేమన్న అయినా ఫికర్ లేదు."

ఆ ఒక్క మాటలోనే పొరపాటుంది. ఆయనకేమన్నా అయితే మొదట చెల్లకుండా పోయేది ఆ కాయిదమే. జీపీఏ ఇచ్చిన మనిషి బతికి, తెలివిలో ఉన్నంతవరకే నడుస్తుంది. ఆయన పోయాక పనిచేసే కాయిదం వీలునామా. మొదటిది ఆగిపోయిన తర్వాతనే రెండోది మొదలవుతుంది. మొదటిది రాయించి రెండోది కూడా రాసేశామనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

మన కార్మికుడి కథ కొంచెం ముందుకు నడుపుదాం. మే 20న చిన్నకొడుకు ఒక కొనుగోలుదారుతో బేరం కుదుర్చుకుని, తండ్రి తరఫున అగ్రిమెంటు మీద సంతకం పెట్టి 5 లక్షలు అడ్వాన్సు తీసుకున్నాడు. జూన్ 2న తండ్రికి బ్రెయిన్ స్ట్రోక్ వచ్చింది, స్పృహ రాలేదు. జూన్ 19న ఆయన పోయాడు. కర్మకాండలు ముగిశాక జూలై 6న చిన్నకొడుకు అదే జీపీఏ పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ప్లాటు రిజిస్ట్రేషన్ చేసిచ్చాడు. బాపు బతికుండగానే మాట ఇచ్చాడు కదా, ఆ మాటే నిలబెడుతున్నానని అతని లెక్క. అందులో దొంగబుద్ధి ఏమీ లేదు.

అయినా ఆ రిజిస్ట్రేషన్ నిలబడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం జీపీఏ ఇచ్చినవాడు చనిపోతే ఆ అధికారం రద్దవుతుంది. మతిస్థిమితం పోయినా అంతే. తీసుకున్నవాడు చనిపోయినా అంతే. యజమాని పోయిన సంగతి తెలియక ఏజెంటు చేసిన పనులకు చట్టం కొంత రక్షణ ఇస్తుంది. కానీ తండ్రికి తలకొరివి పెట్టిన కొడుకు నాకు తెలియదని ఎలా అంటాడు? కాబట్టి జూలై 6న ఆ ప్లాటుకు యజమాని తండ్రి కాదు, చిన్నకొడుకు ఒక్కడూ కాదు. వీలునామా లేదు గనుక హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు కొడుకులు, బిడ్డ, తల్లి సమాన వారసులు. ఐదుగురు, ఒక్కొక్కరికి 40 గజాలు. ముసలమ్మకు వాటా ఉంటుందన్న సంగతి ఇంట్లో చాలామందికి తట్టదు. కొడుకు పోయిన తల్లి మొదటి తరగతి వారసురాలే.

ఇందులో కొన్నవాడికి ఊరటనిచ్చే ముక్క కూడా ఒకటుంది. మే 20 నాటి అగ్రిమెంటు తండ్రి తెలివిలో ఉండగా, జీపీఏ ప్రాణంతో ఉండగా జరిగింది. ఆ ఒప్పందం తండ్రి చేసినట్టే లెక్క, కాబట్టి వారసులు దానికి కట్టుబడాలి. వాళ్లు కాదంటే కోర్టుకు వెళ్లి అమలు చేయమని అడిగే హక్కు కొన్నవాడికి ఉంది. తేడా ఎక్కడంటే, సేల్‌డీడ్ మీద పడాల్సిన సంతకం చనిపోయిన మనిషి తరఫున చిన్నకొడుకుది కాదు, ఐదుగురు వారసులది. పెద్దకొడుకు దుబాయి నుంచి రాలేకపోతే తన వాటా మేరకు అక్కడినుంచి వేరే జీపీఏ పంపాలి. ఇదంతా జూలైలోనే తెలిసుంటే వారం పది రోజుల ఆలస్యంతో పోయేది. ఏళ్ల తర్వాత బిడ్డ వాటా అడిగినప్పుడు తెలిస్తే, అప్పటికి ఆ ప్లాటు మీద ఇల్లు లేచి ఉంటుంది.

ఇది ఊహించి చెప్పిన కథే. కానీ సరిగ్గా ఇలాంటి వివాదం బెంగళూరు స్థలం ఒకదాని మీద సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. అక్కడ యజమాని 1986లో ఒకామె పేర జీపీఏ, రిజిస్టరు కాని అగ్రిమెంటు రాసిచ్చాడు. జీపీఏ వెనక్కి తీసుకోలేనిదని కూడా రాశారు. 1997 జనవరిలో యజమాని చనిపోయాడు. 1998 ఏప్రిల్‌లో జీపీఏ ఉన్నామె ఆ స్థలాన్ని తన కొడుక్కే రిజిస్ట్రేషన్ చేసింది. 2003లో యజమాని వారసులు అదే స్థలాన్ని వేరేవాళ్లకు అమ్మారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వారసుల నుంచి కొన్నవాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. యజమాని పోయినప్పుడే జీపీఏ పోయిందని, వెనక్కి తీసుకోలేనిదని పేరు పెట్టినంత మాత్రాన అది అలా కాదని తేల్చింది. 1986లో పైసలు కట్టిన కుటుంబానికి దాదాపు నలభై ఏళ్ల తర్వాత చేతిలో ఏమీ మిగల్లేదు. యజమాని బతికున్న పదకొండేళ్లలో ఎప్పుడైనా ఒక సేల్‌డీడ్ చేయించుకుని ఉంటే సరిపోయేది.

మరి యజమాని పోయినా ఆగని జీపీఏ అసలు లేనే లేదా? ఉంది, కానీ దాని గీత సన్నం. జీపీఏ తీసుకున్నవాడికి ఆ ఆస్తిలోనే సొంత హక్కు ఒకటుండి, దాన్ని కాపాడటానికే ఆ అధికారం ఇచ్చివుంటే, అది చావుతో రద్దు కాదని కాంట్రాక్టు చట్టమే చెబుతుంది. ఆ హక్కు ఉందా లేదా అన్నది కాయిదంలోని మాటలన్నీ చదివి కోర్టు తేల్చుతుంది, శీర్షిక చూసి కాదు. ఇంట్లో కొడుక్కో అల్లుడికో పని చూసుకొమ్మని ఇచ్చే జీపీఏ ఈ కోవలోకి రాదు.

ఇక జూన్ 2కీ జూన్ 19కీ మధ్య పదిహేడు రోజుల సంగతి. ఈ అధ్యాయంలో నాకు ముఖ్యమనిపించేది ఇదే. తండ్రి బతికే ఉన్నాడు, కాబట్టి వీలునామా ఉన్నా అది ఇంకా మొదలుకాదు. ఆయనకు స్పృహ లేదు, కాబట్టి జీపీఏ మీద నమ్మకం పెట్టుకోలేం. ఆస్పత్రివాళ్లు పైసలు కట్టమంటున్నారు, ఆయన ఖాతాలో పైసలున్నాయి, తీసే దారి లేదు. ఇక్కడ రెండు కాయిదాలూ చేతులెత్తేస్తాయి. కాలుచేయి పడిపోయి మాట తడబడుతున్నా తెలివి నిలకడగా ఉంటే ఫర్వాలేదు, జీపీఏ నడుస్తుంది. తెలివే పోతే ఆగుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు ఈ విషయంలో తరచూ తప్పు సలహా ఇస్తారు. అక్కడ మనిషి తెలివి తప్పిన తర్వాత కూడా నడిచే పవర్ ఆఫ్ అటార్నీ రాయొచ్చు, ఇంగ్లండ్‌లోనూ అలాంటిది ఉంది. మన చట్టంలో లేదు. ఇక్కడ అలాంటి పరిస్థితి వస్తే కుటుంబం హైకోర్టుకు వెళ్లి, ఆ మనిషి తరఫున గార్డియన్‌ను నియమించమని అడగాలి. కోమాలో ఉన్నవాళ్ల విషయంలో కేరళ హైకోర్టు 2019లో ఇందుకోసం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అంతదాకా పోకుండా ముందే చేసుకోగలిగిన చిన్న పని ఒకటుంది. భార్యాభర్తలు తమ ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింటు ఖాతాగా మార్చుకోవడం. బ్యాంకులో దీన్ని ఐదర్ ఆర్ సర్వైవర్ అంటారు. పెన్షన్ పడే ఖాతాకైతే బ్యాంకులో అడిగి మార్పించుకోవాలి. ఒకరు ఆస్పత్రిలో పడ్డా రెండోవారు పైసలు తీయగలరు. ఏటీఎం కార్డు, పిన్ను కొడుకు దగ్గర పెట్టడం దీనికి సాటి రాదు. ముఖ్యంగా మనిషి పోయాక ఆ కార్డుతో తీసిన ప్రతి రూపాయికీ తోబుట్టువులకు, బ్యాంకుకు లెక్క చెప్పాల్సి రావచ్చు.

జీపీఏ ఏం చేయనిస్తుందన్నది అందులో రాసిన మాటల మీదే ఆధారపడుతుంది. కోర్టులు దీన్ని బిగించి చదువుతాయి. ఇల్లు చూసుకోవడానికి, కిరాయి వసూలు చేయడానికి అని రాసి ఉంటే, అమ్మే అధికారం దానంతటది రాదు. అమ్మవచ్చని రాసి ఉన్నా, తాకట్టు పెట్టవచ్చని రాయకపోతే తాకట్టు కుదరదు. బహుమతిగా ఇచ్చే అధికారం స్పష్టంగా రాస్తే తప్ప లేదు. అమ్మిన పైసలు తండ్రివే, కొడుకువి కావు. ఏజెంటు లెక్క చెప్పాలి. తండ్రి తరఫున కొడుకు వీలునామా రాయడం ఏ జీపీఏతోనూ సాధ్యం కాదు. ఒక్క ప్లాటు అమ్మే పనే అయితే దానికి మాత్రమే ప్రత్యేక పవర్, అంటే ఎస్పీఏ ఇవ్వడం నా దృష్టిలో మేలు. ఆ పని కాగానే అది ముగిసిపోతుంది. ఆస్తులన్నిటి మీద ఖాళీగా అధికారం తెరిచి పెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు.

రిజిస్ట్రేషన్ పనుల కోసమైతే ఇచ్చేవాడు తాను నివసించే ప్రాంతపు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర జీపీఏ చేయించుకోవాలి. నోటరీ కాయిదం ఆ పనికి చాలదు. మంచం పట్టిన మనిషిని ఆటోలో కుక్కి తీసుకెళ్లనక్కర్లేదు. దరఖాస్తు పెట్టి ఫీజు కడితే అధికారి ఇంటికే వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకునే ఏర్పాటు చట్టంలోనే ఉంది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఇవ్వాలంటే అక్కడి భారత కాన్సులేట్ అధికారి ముందు సంతకం చేసి పంపాలి. ఆ కాయిదం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. డ్రాయర్‌లో పెట్టి మరిచిపోతే ఆ గడువు దాటిపోతుంది. ఇచ్చినవాడు ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కాకపోతే రిజిస్టరైన జీపీఏను రిజిస్టరు చేసే రద్దు చేయాలి. తీసుకున్నవాడికి, బ్యాంకుకు, బేరంలో ఉన్నవాళ్లకు రాతపూర్వకంగా చెప్పాలి. రద్దు సంగతి తెలియనివాళ్లకు అది రద్దు కానట్టే.

వీలునామా దారి వేరు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, రాసినవాడు సంతకమో వేలిముద్రో పెట్టి, అది చూసిన ఇద్దరు సాక్షులు ఆయన ఎదుటే సంతకాలు చేస్తే చట్టం దృష్టిలో అది పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిది. సీలు వేసిన కవరులో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచే పద్ధతీ ఉంది. ఒక విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. రిజిస్టరైన వీలునామా కన్నా, ఆ తర్వాత సరిగ్గా రాసిన రిజిస్టరు కాని వీలునామాయే చెల్లుతుంది. చివరిది ఏదో అదే లెక్క. అందుకే ఎవరైనా రిజిస్టర్డ్ వీలునామా చూపించి ఇల్లు నాదే అంటే, ఇదే ఆఖరిదా అని అడగాలి.

రాసిన మనిషి బతికున్నంతకాలం ఆ కాయిదం ఎవరికీ ఏమీ ఇవ్వదు. ఇల్లు అమ్ముకోవచ్చు, వీలునామా చింపేసి కొత్తది రాయొచ్చు. వీలునామా నా పేర ఉంది కదా అని కొడుకు బ్యాంకుకు వెళ్తే అప్పు పుట్టదు. ఆయన పోయిన క్షణం నుంచే అది పనిచేస్తుంది. ఆ తర్వాత దాన్ని మార్చగలిగినవాళ్లు ఎవరూ ఉండరు.

వీలునామాలు కోర్టులో ఓడిపోయేది ఎక్కువగా అందులోని మాటల వల్ల కాదు, అది పుట్టిన తీరు వల్ల. సుప్రీంకోర్టు 1959 నుంచీ చెబుతున్నదేమంటే, అనుమానం కలిగించే పరిస్థితులుంటే వీలునామా ముందుకు తెచ్చినవాడే ఆ అనుమానం తీర్చాలి. ఆస్తి మొత్తం దక్కించుకున్న కొడుకే డాక్యుమెంట్ రైటర్‌ను పిలిపించాడా? ఆస్పత్రి మంచం మీద వేలిముద్ర తీశారా? భార్యను, బిడ్డను వదిలేసి ఎందుకో ఒక్క మాటైనా రాయలేదా? న్యాయమూర్తి చూసేవి ఇవే. అందుకని ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయాలి. సాక్షులుగా రాసేవాడికంటే చిన్న వయసువాళ్లను, వాటా దక్కనివాళ్లను పెట్టుకోవాలి. తర్వాత కనీసం ఒక సాక్షి కోర్టుకు వచ్చి చెప్పాల్సి ఉంటుంది గనుక వాళ్ల పూర్తి పేరు, ఊరు రాయాలి. పెద్ద వయసైతే డాక్టరు దగ్గర తెలివిలో ఉన్నారన్న సర్టిఫికెట్ తీసుకుని జతపరచాలి. ఎవరికైనా తక్కువ ఇస్తుంటే కారణం ఒక వాక్యంలో రాయాలి. "నా బిడ్డ పెండ్లప్పుడు ఇంత బంగారం, ఇన్ని రూపాయలు ఇచ్చినందున" అన్నట్టు.

భార్య సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇల్లు ఆమెకు పూర్తి హక్కుతో ఇస్తున్నారా, బతికున్నంతకాలం ఉండటానికి మాత్రమే ఇచ్చి తర్వాత పిల్లలకు పోవాలంటున్నారా? రెండూ కలిపి రాసిన వీలునామాలు కోర్టుల్లో దశాబ్దాలు నలుగుతున్నాయి. ఒకటి ఎంచుకుని తేటగా రాయాలి. పూర్తి హక్కే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో ముసలమ్మ మాటకు విలువ ఉండాలంటే ఆమె చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

ఇదంతా హిందువుల లెక్క. ముస్లిం కుటుంబాల్లో, వారసులు ఒప్పుకోకపోతే మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. పెద్దల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో ఎవరైనా తన వాటాకే రాయగలరు.

సింగరేణి ఇళ్లలో ఈ రెండు కాయిదాలూ ముట్టుకోలేనివి కొన్నున్నాయి. కంపెనీ క్వార్టర్ వారసత్వపు ఆస్తి కాదు, ఖాళీ చేయాల్సిందే. కారుణ్య నియామకం కింద వచ్చే ఉద్యోగం కంపెనీ నిబంధనల ప్రకారం వస్తుంది, వీలునామాలో "నా ఉద్యోగం చిన్నోనికి" అని రాసినా చెల్లదు. ఫ్యామిలీ పెన్షన్ స్కీము నిబంధనల ప్రకారం భార్యకు వస్తుంది. పీఎఫ్, గ్రాట్యుటీలకు నామినీ ఫారాలు వేరుగా ఉంటాయి. పెండ్లికి ముందు తల్లి పేరు రాసి, ముప్పై ఏళ్లు మార్చని కార్మికులు ఉంటారు. వీలునామా రాసిన రోజే ఆ ఫారాలు కూడా ఒకసారి తిరగేయాలి. ఇక పట్టా లేని జాగలో కట్టుకున్న ఇల్లయితే, మీకున్న హక్కు ఎంతో అంతే వారసులకు దక్కుతుంది. లేని పట్టాను వీలునామా పుట్టించదు, జీపీఏ అంతకన్నా పుట్టించదు.

చివరగా కొనేవాళ్లకు. జీపీఏ, అగ్రిమెంటు, దానికి తోడు అమ్మేవాడు రాసిన ఒక వీలునామా, ఈ మూడూ కలిపి సేల్‌డీడ్‌కు బదులుగా చేతిలో పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఇలాంటి కాయిదాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. అమ్మినవాడు ఆ వీలునామాను మరుసటి రోజే మార్చుకోగలడు, ఆయన పోతే జీపీఏ పోతుంది. జీపీఏదారు ద్వారా సేల్‌డీడ్ తీసుకోవడంలో మాత్రం తప్పులేదు, యజమాని బతికి తెలివిలో ఉంటే. కాబట్టి రిజిస్ట్రేషన్ రోజు పొద్దున అసలు యజమానికి వీడియో కాల్ చేయించి మాట్లాడండి. జీపీఏదారు తప్పించుకుంటే, ఆ రోజు డబ్బు కట్టకండి.